కాలిక్యులేటర్‌లో పాయింటు జారిపోతోంది, రెండోసారి చేసినా అదే జవాబు. ఎలా పట్టుకోవాలి?

సైట్_రామ్
మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడున్నాడు. డిప్లొమా చదివాడు, పని మీద శ్రద్ధ ఉంది, కానీ లెక్కల్లో పాయింటు ఎక్కడ పెడతాడో దేవుడికే ఎరుక. మొన్న ఒక ఇంటి స్లాబుకి కాంక్రీటు ఎంత పడుతుందో తీయమన్నాను. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు, 5 అంగుళాల మందం. అన్నీ మీటర్లలోకి మార్చి 141.5 క్యూబిక్ మీటర్లు అని రాసి, నాకు చూపించకుండానే రెడీమిక్స్ ప్లాంటుకి ఫోన్ కొట్టాడు. కాసేపటికి ప్లాంటువాళ్ళు నాకు ఫోన్ చేసి "24 లారీలు అంటున్నారు సార్, అపార్ట్‌మెంటు ఏమైనా మొదలెట్టారా?" అని అడిగారు.

వాడిని అడిగితే "కాలిక్యులేటర్‌లోనే చేశాను సార్" అంటాడు. నా ముందే మళ్ళీ చేయించాను. మళ్ళీ 141.5 వచ్చింది. నాకు ఆ అంకె చూడగానే తేడా కొడుతుంది, ఎన్నో స్లాబులు చూశాను కాబట్టి. వాడికి ఆ అనుభవం లేదు. అనుభవం లేనివాడు కూడా పాయింటు తప్పుని తనంతట తాను పట్టుకునే దారి ఏదైనా ఉందా?

కిరాణా_బాబాయ్
ముందు మిషన్ మార్చండి. మా కొట్లో టేబుల్ మీద ఉండే పెద్ద కాలిక్యులేటర్‌కి పైన ఒక మీట ఉంటుంది, F, 4, 2, 0, A అని రాసి. అది A మీద ఉంటే 1250 కొట్టినా 12.50 అనే తీసుకుంటుంది. మా పిల్లాడు తుడిచేటప్పుడు దాన్ని జరిపేశాడు, సాయంత్రం కౌంటర్ లెక్క చూస్తే నాకు చెమటలు పట్టాయి.

సైట్_రామ్
వాడిది సెల్‌ఫోన్ బాబాయ్. మీటలేమీ లేవు.

ఊరి_ఇంజినీర్
బాబాయ్ చెప్పినది నిజమే కానీ ఆ A మీట కూడికలకీ తీసివేతలకీ పనిచేస్తుంది, గుణకారానికి కాదు. ఇక్కడ మిషన్ తప్పేమీ లేదు.

రామ్ గారూ, 30 అడుగులు అంటే 9.14 మీటర్లు, 40 అడుగులు అంటే 12.19. ఈ రెండూ గుణిస్తే 111 చిల్లర. 141.5ని 111తో భాగించి చూడండి, 1.27 వస్తుంది. అంటే మీ కుర్రాడు స్లాబు మందం 1.27 మీటర్లు అని కొట్టాడు. 5 అంగుళాలు 12.7 సెంటీమీటర్లు, మీటర్లలో 0.127. వాడు పాయింటుని ఒక స్థానమే జరిపి ఆగిపోయాడు. షీటులో చూడండి, అలాగే రాసి ఉంటుంది.

సైట్_రామ్
చూశాను. అక్షరాలా 1.27 అనే ఉంది! అందుకేనా రెండోసారి చేసినా అదే వచ్చింది.

మేస్త్రి_కొడుకు
నాలుగడుగుల మందం స్లాబు 😂 బంకర్ కడుతున్నారా అన్నా

లెక్కల_చాదస్తం
దీనికి బడిలో చెప్పిన పద్ధతే ఉంది కదా. గుణించే సంఖ్యల్లో పాయింటు తర్వాత ఎన్ని అంకెలున్నాయో కూడాలి, జవాబులో పాయింటు తర్వాత అన్ని అంకెలుండాలి. 9.14లో రెండు, 12.19లో రెండు, 0.127లో మూడు, మొత్తం ఏడు. జవాబు 14.1499082, లెక్కపెట్టండి, సరిగ్గా ఏడు. ఈ సూత్రం ఉండగా ఉజ్జాయింపులు, కాకి లెక్కలు ఎందుకు?

ఊరి_ఇంజినీర్
సూత్రం తప్పు కాదు, కానీ ఇక్కడ దేన్ని పట్టుకుంటుందో చూడండి. కుర్రాడు కొట్టినది 9.14, 12.19, 1.27. రెండు, రెండు, రెండు, మొత్తం ఆరు. వాడికొచ్చిన జవాబు 141.499082. అక్కడా ఆరు అంకెలే. మీ సూత్రం ప్రకారం వాడి జవాబు నూటికి నూరు పాళ్ళు కరెక్టు!

ఆ సూత్రం చూసేది మిషన్ గుణకారం సరిగ్గా చేసిందా లేదా అని. మిషన్ ఎప్పుడూ సరిగ్గానే చేస్తుంది. జారేది మన వేలు, లేదా మీటర్లలోకి మార్చే దగ్గర మన బుర్ర. ఇంకోటి, 2.5ని 0.4తో గుణిస్తే మీ లెక్కన పాయింటు తర్వాత రెండు అంకెలుండాలి. తెర మీద ఉత్త 1 కనిపిస్తుంది, చివరి సున్నాలు అది చూపించదు కాబట్టి. అప్పుడు లెక్కపెట్టేవాడు ఇంకా తికమకపడతాడు.

లెక్కల_చాదస్తం
కాగితం మీద చేతితో గుణించేటప్పుడు మాత్రం ఆ సూత్రం లేకపోతే గడవదు. ఆ మాట ఒప్పుకోండి.

ఊరి_ఇంజినీర్
చేతి గుణకారానికి తిరుగులేదు, ఒప్పుకున్నాను.

రామ్ గారి ప్రశ్నకి వస్తాను. కాలిక్యులేటర్ ముట్టుకోకముందే, షీటులో ఆ లెక్క పక్కన పెన్సిల్‌తో ఒక ఉజ్జాయింపు అంకె రాయించండి. ఎలాగంటే, 9.14ని 9 అనుకోమనండి, 12.19ని 12. గుణిస్తే 108, పోనీ 100 అనుకుందాం. మందం 0.127ని 0.1 అనుకుంటే 100లో పదో వంతు, 10. వెడల్పు, పొడవు, మందం మూడూ కిందికే తగ్గించాం కాబట్టి అసలు జవాబు 10 కంటే ఎక్కువే ఉండాలి. అంటే పది, ఇరవై మధ్య ఎక్కడో. ఆ తర్వాత తెర మీద 14.15 వస్తే సరే. 141 వచ్చినా 1.4 వచ్చినా ఆగిపోవాలి.

ఒక జాగ్రత్త. ఉజ్జాయింపుకి అంకెలు షీటు నుంచి కాదు, కొలత నుంచి తీసుకోవాలి. షీటులోని 1.27నే తీసుకుని ఉజ్జాయింపు వేస్తే 100 × 1.3, 130 వస్తుంది, 141తో చక్కగా కలిసిపోతుంది. తప్పు తప్పుతో సరిపోయి కూర్చుంటుంది.

సందేహాల_పుట్ట
అదే అడగబోయాను. మరి కొలత నుంచి అంటే? మార్చేదగ్గరే తప్పు చేసేవాడు ఉజ్జాయింపులోనూ అక్కడే తప్పు చేయడా?

మేస్త్రి_కొడుకు
అందుకే అడుగుల్లో వేసుకోవాలి. మా నాన్న కాలిక్యులేటర్ పట్టుకోడు. 30, 40 అంటే 1200 చదరపు అడుగులు. 5 అంగుళాలు అర అడుగు కంటే కాస్త తక్కువ. కాబట్టి 1200లో సగం, 600 క్యూబిక్ అడుగుల లోపు. ఒక క్యూబిక్ మీటరుకి 35 క్యూబిక్ అడుగులు. 600ని 35తో భాగిస్తే 17. అంటే 17 లోపే రావాలి, 141 ఎక్కడి నుంచి వస్తుంది? మీటర్లలోకి మార్చే గొడవ ఇక్కడ చివర్లో ఒక్కసారే.

అసలు ఇదీ అక్కర్లేదు. 5 అంగుళాల స్లాబుకి 1000 చదరపు అడుగులకి 12 క్యూబిక్ మీటర్లు పడుతుంది. 1200కి 14. అయిపోయింది.

ఊరి_ఇంజినీర్
సందేహం గారికి జవాబు ఇదే. ఉజ్జాయింపు వేరే దారిలో వస్తేనే బలం. షీటు మీటర్లలో ఉంటే ఉజ్జాయింపు అడుగుల్లో వేయించండి. ఒకే తప్పు రెండు దార్లలోనూ దొర్లడం కష్టం.

వెయ్యి అడుగులకి 12 అన్న లెక్క బాగుంది కానీ అది 5 అంగుళాల స్లాబుకే. రేపు ఫుటింగో, నీళ్ళ సంపో వస్తే ఆ కుర్రాడికి ఆ అంకె పనికిరాదు.

మేస్త్రి_కొడుకు
దానికి వేరే అంకె ఉంటుంది. అన్నిటికీ ఉంటాయి.

నర్సమ్మ_గుంటూరు
స్లాబుల సంగతి నాకు తెలియదు కానీ పాయింటు సంగతి బాగా తెలుసు. పిల్లల వార్డులో పనిచేస్తాను. మాకు నేర్పించినది కూడా దాదాపు ఇదే, కాకపోతే మేము అంకె కంటే ముందు హద్దు చూస్తాం.

ఉదాహరణకి 12.5 కిలోల బిడ్డకి జ్వరం మందు. డాక్టర్ కిలోకి 15 మిల్లీగ్రాములు రాశారు. అంటే 187.5 మిల్లీగ్రాములు. సీసా మీద 5 మి.లీ.లో 250 మిల్లీగ్రాములు అని ఉంది. ఇప్పుడు కాలిక్యులేటర్ తీయకముందు నేను అనుకునేది ఒక్కటే: మనకి కావలసింది 250 కంటే తక్కువ, కాబట్టి 5 మి.లీ. కంటే తక్కువే. సగం కంటే ఎక్కువ కాబట్టి రెండున్నర కంటే ఎక్కువ. జవాబు 3.75. ఎవరైనా 37.5 అని తెస్తే, 60 మి.లీ. సీసాలో సగానికి పైగా ఒకే డోసుకి పోయాలన్నమాట. హద్దు తెలిసినవాళ్ళకి ఆ అంకె చూడగానే చెయ్యి ఆగుతుంది.

ఇంకోటి, రాసేటప్పుడు .5 అని రాయనివ్వరు, 0.5 అని సున్నా పెట్టాల్సిందే. అలాగే 5.0 అని రాయకూడదు, ఉత్త 5. పాయింటు మసకగా పడితే మొదటిది 5 అయిపోతుంది, రెండోది 50 అయిపోతుంది. మీ కుర్రాడి షీటులో ఈ రెండూ చూడండి.

సైట్_రామ్
.23 .45 అనే రాస్తాడు. ఈ రోజు నుంచే బంద్.

కిరాణా_బాబాయ్
మా ఊళ్ళో ఒకాయన చీటీలో .75 బియ్యం అని రాసిచ్చాడు, మా పిల్లాడు 75 కిలోలు కట్టేశాడు. ఆటో కూడా మాట్లాడాడు.

మేస్త్రి_కొడుకు
బాబాయ్ మీ పిల్లాడిని రామ్ అన్న సైటుకి పంపండి, జోడీ కుదురుతుంది

సందేహాల_పుట్ట
గుణకారం అర్థమైంది. నాకు భాగహారమే టెన్షన్. అందులోనూ 0.03 లాంటి వాటితో భాగిస్తే జవాబు పెద్దదవుతుందో చిన్నదవుతుందో కూడా తేలదు. భాగిస్తే తగ్గాలి కదా అని బుర్ర లాగుతుంది.

ఊరి_ఇంజినీర్
ఇదే స్లాబుతో చూద్దాం. రెడీమిక్స్ కాకుండా సైటులోనే కలుపుకుంటున్నామనుకోండి, 1:1.5:3 పాళ్ళలో. 14.15 తడి కాంక్రీటుకి పొడి సరుకు 1.54 రెట్లు తీసుకుంటాం. పాళ్ళ మొత్తం ఐదున్నర, అందులో సిమెంటు ఒక పాలు. అలా చేస్తే సిమెంటు 3.96 క్యూబిక్ మీటర్లు వస్తుంది. ఒక బస్తా 50 కిలోలు, ఘనపరిమాణంలో 0.0347 క్యూబిక్ మీటర్లు. ఎన్ని బస్తాలు అంటే 3.96ని 0.0347తో భాగించాలి.

ఇక్కడ భాగహారం అనుకోకండి. 3.96లో 0.0347లు ఎన్ని పడతాయి అని అడగండి. బస్తా ఒక క్యూబిక్ మీటరులో చాలా చిన్న ముక్క, కాబట్టి చాలానే పడతాయి. జవాబు 3.96 కంటే పెద్దదని అక్కడే తేలిపోయింది.

ఇక ఉజ్జాయింపు. 3.96ని 4 చేయండి, 0.0347ని 0.04 చేయండి. రెండింటిలోనూ పాయింటుని రెండు స్థానాలు కుడికి జరపండి, 400ని 4తో భాగించడమే. 100 బస్తాలు. కాలిక్యులేటర్‌లో 114 వస్తుంది. వేలు జారి 0.347 కొడితే 11.4 వస్తుంది, 100 పక్కన పెట్టగానే దొరికిపోతుంది.

నేను రెండింటినీ పైకే జరిపాను, గమనించండి. భాగహారంలో రెండూ ఒకే వైపు జరిపితే తేడా కొంతవరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. గుణకారంలో దీనికి తిరగేసి, ఒకటి పైకి, ఒకటి కిందికి.

మేస్త్రి_కొడుకు
క్యూబిక్ మీటరుకి 8 బస్తాలు. 14కి 112. నేను మళ్ళీ గెలిచాను.

ఊరి_ఇంజినీర్
ఈసారి ఒప్పుకుంటున్నాను 🙂 పాళ్ళు మారితే మాత్రం ఆ 8 మారుతుంది.

సందేహాల_పుట్ట
"ఎన్ని పడతాయి" అని అడిగితే భలే తేలిక అయిపోయింది. మరి ఉజ్జాయింపుకీ జవాబుకీ ఎంత తేడా ఉంటే అనుమానించాలి? 100కి 114 సరే. 100కి 200 వస్తే?

లెక్కల_చాదస్తం
పాయింటు తప్పు అంటే సరిగ్గా పది రెట్లు, లేదా వంద రెట్లు. 100కి 200 వచ్చిందంటే అది పాయింటు తప్పు కాదు, ఉజ్జాయింపు మరీ ముతకగా వేశారని అర్థం. గుణించేవి మూడు కొలతలే కదా, అన్నిటినీ దగ్గరి ఒక్క అంకెకి తెచ్చుకుంటే పది రెట్లు తేడా రాదు. కాబట్టి భయం లేదు.

ఊరి_ఇంజినీర్
సగం ఒప్పుకుంటాను. పది రెట్లు రాదు నిజమే, కానీ మూడు నాలుగు రెట్లు వస్తే ఎటు లాగాలో తెలియదు కదా. 1తో మొదలయ్యే అంకెలతోనే ఈ తంటా. 1.4 మీటర్ల పొడవు, 1.4 వెడల్పు, 1.4 లోతు గుంత తీసుకోండి. మీరు చెప్పినట్టు ఒక్క అంకెకి తెస్తే మూడూ 1 అయిపోతాయి, ఉజ్జాయింపు 1. అసలు జవాబు 2.74. పాయింటు జారితే 0.274. ఇప్పుడు 1కి ఏది దగ్గర? ఒకటి రెండున్నర రెట్ల పైన ఉంది, ఇంకోటి మూడున్నర రెట్ల కింద ఉంది. కుర్రాడు ఎటైనా మొగ్గుతాడు.

అందుకని 1.3 నుంచి 1.7 దాకా ఏది వచ్చినా 1.5గా ఉంచమంటాను. ఒకటిన్నర ఒకటిన్నరలు రెండుంపావు, దానికి ఇంకో ఒకటిన్నర మూడు పైన. 2.74 పక్కన పెడితే అనుమానమే ఉండదు. 0.274 అయితే వెంటనే దొరుకుతుంది.

లెక్కల_చాదస్తం
మూడూ 1.4 ఉండే గుంత మీరు కావాలని వెతికి తెచ్చారు.

ఊరి_ఇంజినీర్
ఫుటింగ్ గుంతలు చూడండి మాస్టారూ, సగం ఆ సైజులే.

సైట్_రామ్
ఒక సందేహం. ముందే రాయించడం ఎందుకు? జవాబు వచ్చాక ఒకసారి నోటి లెక్క వేసి సరిచూసుకుంటే చాలదా? సైటులో కుర్రాళ్ళకి పెన్సిల్ పట్టించడమే పెద్ద పని.

నర్సమ్మ_గుంటూరు
చాలదు. తెర మీద 37.5 చూశాక మనసు దానికి సాక్ష్యాలు వెతుకుతుంది. మా దగ్గర ప్రమాదమున్న మందులకి ఇద్దరు విడివిడిగా లెక్క వేయాలి. మొదటివారి జవాబు రెండోవారికి చూపించకూడదు. చూపిస్తే "ఆ, సరే" అనేస్తారు.

మేస్త్రి_కొడుకు
మా నాన్న మాత్రం తర్వాతే చూస్తాడు. అంకె చూసి నవ్వితే తప్పు, నవ్వకపోతే కరెక్టు. ముందు రాసేదేమీ లేదు.

నర్సమ్మ_గుంటూరు
మీ నాన్నగారి బుర్రలో ఆ అంకె ముందే ఉంది కదమ్మా. కుర్రాడికి లేదు.

హైదరాబాద్_ఇంటీరియర్
నా అనుభవం వేరు. నేను ప్రతి లెక్కకీ ఉజ్జాయింపు వేస్తాను, అయినా దెబ్బతిన్న సంగతి ఒకటుంది. క్లయింటు 9 అడుగుల 6 అంగుళాలు అని కొలత ఇచ్చారు. మా కార్పెంటరు కాలిక్యులేటర్‌లో 9.6 కొట్టాడు. నిజానికి 9.5 కదా. ఉజ్జాయింపు రెండింటికీ పదే. ప్లైవుడ్ కోత అయ్యాక తేడా బయటపడింది.

ఊరి_ఇంజినీర్
అది ఉజ్జాయింపుకి చిక్కదు. అలాగే 5 అంగుళాలని 0.5 అడుగు అని కొట్టేవాళ్ళు ఉన్నారు. నిజానికి 0.417. స్లాబు 500 క్యూబిక్ అడుగులు రావలసింది 600 వస్తుంది. ఐదో వంతు ఎక్కువ. ముతక లెక్కకి అది కనపడదు, కానీ కాంక్రీటు బిల్లులో కనపడుతుంది. 12.19ని 12.91 అని తారుమారుగా కొట్టినా అంతే. అంగుళాలకి నా దగ్గర ఉన్న మందు ఒక్కటే, 12తో భాగించి ఆ అంకెని షీటులో విడిగా ఒక గడిలో రాయించడం.

హైదరాబాద్_ఇంటీరియర్
మేము అంగుళాల్లోనే అంతా చేసేస్తున్నాం ఇప్పుడు. 114 అంగుళాలు. పాయింటే లేదు.

కిరాణా_బాబాయ్
పాయింటే లేకపోతే తప్పే లేదు. ఇది నాకు నచ్చింది.

లెక్కల_చాదస్తం
మూడూ అంగుళాల్లో గుణించి క్యూబిక్ మీటర్లలోకి మార్చండి చూద్దాం, అప్పుడు సున్నాల దగ్గర జారుతుంది.

సైట్_రామ్
నిన్న మొదలెట్టాను. కుర్రాడికి ఒక స్తంభం ఇచ్చాను, 0.23, 0.45, ఎత్తు 3 మీటర్లు. ముందు పెన్సిల్‌తో రాయమన్నాను. 0.2 × 0.5 అంటే 0.1, దానికి మూడు రెట్లు 0.3 అని రాశాడు. ఒకటి కిందికి, ఒకటి పైకి, ఇంజినీర్ గారు చెప్పినట్టే. తర్వాత ఫోన్‌లో కొట్టాడు, 3.105 వచ్చింది. నేనేమీ అనలేదు. రెండు అంకెలూ మార్చి మార్చి చూశాడు, మళ్ళీ కొట్టాడు. 0.23 బదులు 2.3 పడిందట. రెండోసారి 0.3105. ఆ సైజు స్తంభాలు ఇంకా చాలా ఉన్నాయి, అన్నిటికీ గుణించాక మళ్ళీ ఉజ్జాయింపు వేయమన్నాను. దానికి మాత్రం మొహం మాడ్చాడు.

మేస్త్రి_కొడుకు
అన్నా, ఆ 3 మీటర్లలో బీము లోతు తీసేశారా? లేకపోతే స్తంభంలో ఒకసారి, బీములో ఒకసారి రెండుసార్లు లెక్కకొస్తుంది.

సైట్_రామ్
తీయలేదు.

ఊరి_ఇంజినీర్
బీము లోతు 0.3 అనుకుంటే, అది తీశాక 0.28 దగ్గర వస్తుంది. పెన్సిల్ 0.3కి అది ఎప్పటికీ దొరకదు. డ్రాయింగ్ తెప్పించండి.